ఐసీయూలో థైరాయిడ్ తగ్గితే మాత్ర ఎందుకు రాయం?

పత్తికొండ వైపు పల్లె నుంచి వచ్చిన 58 ఏళ్ల రైతు ఆయన. వేరుశనగ పండిస్తాడు. న్యుమోనియా ముదిరి, బీపీ పడిపోయిన స్థితిలో కర్నూలుకు తీసుకొచ్చారు. మేం చూసేసరికే ఊపిరి అందడం లేదు, వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది. మూడో రోజు సాయంత్రం ఆయన కొడుకు ఒక ల్యాబ్ కాగితం పట్టుకుని నా దగ్గరకొచ్చాడు. రక్తపరీక్షల ప్యాకేజీలో థైరాయిడ్ కూడా చేసేశారు. థైరాయిడ్ హార్మోన్లలో టీ3 38, ఉండాల్సింది 80 నుంచి 200. టీ4 4.1, ఉండాల్సింది 5 నుంచి 12. ఆ రెండు అంకెల చుట్టూ బాల్‌పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. కింద మూడో అంకె, టీఎస్‌హెచ్ 0.5, నార్మల్ లోపలే ఉంది కాబట్టి దానికి సున్నా చుట్టలేదు.

"సార్, మా నాయనకు థైరాయిడ్ ఇంత తక్కువుందంట. మాత్ర రాయల్యా మీరు?"

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. తక్కువున్నదాన్ని నింపాలని ఎవరికైనా అనిపిస్తుంది. నేను మాత్రం అతనికి సున్నా చుట్టని మూడో అంకె చూపించాను.

టీఎస్‌హెచ్ అనేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి మెడలోని థైరాయిడ్ గ్రంథికి పంపే ఆజ్ఞ. థైరాయిడ్ గ్రంథి నిజంగా చెడిపోతే టీ4 తగ్గుతుంది, పిట్యూటరీ ఊరుకోదు, ఆజ్ఞ మీద ఆజ్ఞ పంపుతుంది. అప్పుడు టీఎస్‌హెచ్ 30కో, 60కో, వందకో ఎగబాకుతుంది. ఇక్కడ టీ4 తగ్గినా టీఎస్‌హెచ్ 0.5 దగ్గరే నిలిచిపోయింది. అంటే లోపం మెడలోని గ్రంథిలో లేదు.

మరి హార్మోను ఎక్కడ పోయింది? థైరాయిడ్ ఎక్కువగా తయారుచేసేది టీ4. అందులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. కణాల మీద గట్టిగా పనిచేసేది టీ3, మూడు అయోడిన్లది. మన ఒంట్లోని టీ3లో సుమారు 80 శాతం థైరాయిడ్ నుంచి నేరుగా రాదు. కాలేయం, కిడ్నీ, కండరాల లాంటి చోట్ల టీ4 నుంచి ఒక అయోడిన్‌ను తీసేస్తే తయారవుతుంది. ఏ అయోడిన్ తీశామన్నదే అసలు సంగతి. అణువు బయటి వలయం నుంచి తీస్తే టీ3 వస్తుంది. లోపలి వలయం నుంచి తీస్తే రివర్స్ టీ3 వస్తుంది, అది దాదాపు ఏ పనీ చేయదు. ఈ రెండు పనులకూ వేరువేరు ఎంజైములున్నాయి. పెద్ద జబ్బు వచ్చినప్పుడు మొదటి రకం ఎంజైము మందగిస్తుంది, రెండో రకం జోరందుకుంటుంది. తిండి లేకపోయినా ఇదే జరుగుతుంది. టీ3 ఆయుష్షు సుమారు ఒక రోజే కాబట్టి జబ్బు చేసిన గంటల్లోనే దాని అంకె జారడం మొదలవుతుంది. టీ4 దాదాపు వారం నిలుస్తుంది కనుక ఆలస్యంగా, జబ్బు బాగా ముదిరినవాళ్లలోనే తగ్గుతుంది. దాన్ని రక్తంలో మోసే ప్రొటీన్లు పడిపోవడం కూడా ఇందుకు ఒక కారణం.

జబ్బు వారాల తరబడి సాగితే మెదడులో పిట్యూటరీని నడిపే హైపోథాలమస్ కూడా తన ఆజ్ఞలు తగ్గించేస్తుంది. పైగా ఐసీయూలో మేమిచ్చే స్టెరాయిడ్లు, బీపీ పెంచే డోపమిన్ కూడా టీఎస్‌హెచ్‌ను అణిచేస్తాయి. ఈ రైతుకు బీపీ కోసం హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ నడుస్తోంది. కాబట్టి ఆ 0.5 వెనక మా మందు చేయి కూడా ఉంది.

ఇంతటితో కొడుకు ప్రశ్న తీరలేదు. "కారణమేదైనా, తక్కువున్నది ఇస్తే మంచిదే కదా సార్?"

ఇది డాక్టర్లు ఊరికే అనుకున్నది కాదు, ఇచ్చి చూశారు. 1986లో అమెరికాలో బ్రెంట్, హెర్ష్‌మన్ అనే ఇద్దరు వైద్యులు టీ4 బాగా పడిపోయిన ఐసీయూ రోగుల్లో కొందరికి థైరాక్సిన్, అంటే టీ4నే మందుగా ఎక్కించారు, కొందరికి ఎక్కించలేదు. మందు తీసుకున్నవాళ్లలో టీ4 అంకె చక్కగా నార్మల్‌కు వచ్చింది. చావులు మాత్రం రెండు గుంపుల్లోనూ ఇంచుమించు సమానం. టీ4ను టీ3గా మార్చే దారే మూసుకుపోయినప్పుడు పైనుంచి టీ4 పోస్తే ఏం లాభం? అలాగని నేరుగా టీ3 ఇచ్చి చూసిన ప్రయోగాలూ ఉన్నాయి. గుండె ఆపరేషన్ అయినవాళ్లకు ఇస్తే గుండె పంపింగ్ కొంచెం పెరిగింది గానీ, ప్రాణాలు దక్కడంలో తేడా రాలేదు. కిడ్నీలు హఠాత్తుగా ఆగిపోయినవాళ్లకు థైరాక్సిన్ ఇచ్చిన ఒక ప్రయోగం ఫలితం 2000లో వచ్చింది. అందులో మందు తీసుకున్నవాళ్లే ఎక్కువమంది చనిపోయారు. థైరాయిడ్ హార్మోను గుండెను వేగంగా కొట్టిస్తుంది, కండను కరిగిస్తుంది, ఆక్సిజన్ ఖర్చు పెంచుతుంది. అసలే ఆక్సిజన్ చాలని మనిషికి అది భారమే.

ఇదంతా చెబుతుంటే అతను తలూపాడు. "వాన లేనప్పుడు చేనుకు యూరియా ఏస్తే మాడిపోతాది సార్, అట్లనా?" అన్నాడు. దాదాపు అంతే. టీ3 ఇలా తగ్గడం మొదటి రోజుల్లో ఒంటికి మేలు చేసే పొదుపేనని నేనూ నమ్ముతాను. నెలల తరబడి వెంటిలేటర్ మీదున్నవాళ్లలోనూ అది మేలేనా అన్న వాదన మాత్రం నిపుణుల మధ్య ఇంకా నడుస్తోంది.

అంకె చూసి నిశ్చింతగా కూర్చున్నామని కాదు. మెడ మీద పాత ఆపరేషన్ మచ్చ ఉందా, గడ్డ ఉందా చూశాం. ఇంట్లో పాత రిపోర్టులున్నాయా, ముందునుంచీ థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాడా అని భార్యను అడిగాం. ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ముందునుంచీ మాత్ర వాడేవాళ్లకు ఐసీయూలోనూ ముక్కు గొట్టం ద్వారా దాన్ని కొనసాగించాలి, హడావుడిలో ఇంటివాళ్లు చెప్పడం మరిచిపోతారు. పిట్యూటరీయే చెడిపోయినా ఇలాగే టీ4 తగ్గుతుంది, టీఎస్‌హెచ్ మాత్రం పెరగదు. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన ఆడవాళ్లలోనూ, మన చేలల్లో రక్తపింజరి కాటు తిన్నవాళ్లలోనూ అలా జరగొచ్చు. అలాంటివాళ్లకు ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ హార్మోను కార్టిసాల్ తక్కువుంటే ముందు స్టెరాయిడ్ ఇచ్చి, తర్వాతే థైరాక్సిన్ మొదలుపెట్టాలి. ఒళ్లు చల్లబడి, నాడి నెమ్మదించి, మగతలో ఉన్న మనిషికి టీఎస్‌హెచ్ బాగా ఎక్కువుంటే అది వేరే కథ. అక్కడ థైరాక్సిన్ వెంటనే ఇవ్వాలి, లేకపోతే ప్రాణం పోతుంది. ఈ రైతులో అవేవీ లేవు.

పన్నెండో రోజుకు ఆయన వెంటిలేటర్ నుంచి బయటపడి వార్డులో జావ తాగుతున్నాడు. ఇంటికి పంపేముందు ఎవరో మళ్లీ థైరాయిడ్ పరీక్ష రాశారు. ఈసారి టీఎస్‌హెచ్ 11. కొడుకు మళ్లీ పరుగెత్తుకొచ్చాడు, ఈసారి సున్నా మూడో అంకె చుట్టూ ఉంది. నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ మలుపే. కోలుకుంటున్నప్పుడు పిట్యూటరీ మేల్కొని కొన్నాళ్లు ఆజ్ఞలు గట్టిగా పంపుతుంది, టీఎస్‌హెచ్ 20 దాకా పోవచ్చు. ఆ వారం ఆ అంకెను పట్టుకుని మాత్ర మొదలుపెడితే, ఏ జబ్బూ లేని మనిషి బతికినన్నాళ్లూ పరగడుపున థైరాయిడ్ మాత్ర మింగుతాడు. ఎందుకు మొదలైందో మూడేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

డిశ్చార్జి కాగితం మీద నేను పెద్ద అక్షరాలతో రాశాను: "థైరాయిడ్ మాత్ర వద్దు. ఆరు వారాల తర్వాత టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 మళ్లీ చూడాలి." ఏడో వారంలో తండ్రీకొడుకులిద్దరూ బస్సులో వచ్చారు. టీఎస్‌హెచ్ 2.4, ఫ్రీ టీ4 నార్మల్. కాగితం మీద ఈసారి పెన్ను గీతలు లేవు.