కథ మెయిల్లో సగంలోనే ఎందుకు తెగిపోతోంది? తెలుగు న్యూస్‌లెటర్: అపోహలు - వాస్తవాలు

వంటలకో, కథలకో బ్లాగు పెట్టి, పాఠకుల మెయిల్ ఐడీలు పోగుచేసుకునేవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు అటూ ఇటూగా ఇవే. మొదటిదానికి నేనే బలయ్యాను కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

అపోహ: కథ ఎంత పెద్దదైనా మొత్తం మెయిల్లోనే పంపేయొచ్చు.

ఒకసారి 4,200 పదాల కథ పంపాను. మర్నాడు "ముగింపు అదేనా అండీ? బావి దగ్గర ఆపేశారేం?" అని జవాబులు. నా కథ బావి దగ్గర ఆగదు, ఇంకా నాలుగు పేజీలుంది. జీమెయిల్ దాన్ని అక్కడ కోసేసింది.

మెయిల్ లోపలి కోడ్ సుమారు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది చూపించదు. కింద "Message clipped" అని చిన్న అక్షరాల్లో వేసి, పక్కన "View entire message" లింకు ఇస్తుంది. అది చాలామంది కంటికి ఆనదు. ఇంగ్లీషులో రాసేవాళ్ళకి ఈ బాధ అరుదు, ఎందుకంటే వాళ్ళ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. "పచ్చడి" అనే మాటే చూడండి: ప, చ, పొల్లు, చ, డ, గుడి. మొత్తం ఆరు, అంటే 18 బైట్లు. నా రాతలో సగటున మాటకి 23 బైట్లు వేసుకున్నా 4,200 మాటలకి 96 కేబీ దాకా అవుతుంది. దాని మీద టెంప్లేటు డిజైను ఇంకో 15, 20 కేబీ తింటుంది. ఫొటోలు లింకుగా వస్తాయి కాబట్టి వాటి బరువు ఇందులో కలవదు.

కథ తెగడం ఒక్కటే అయితే ఫర్వాలేదు. మెయిల్ అడుగున ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కూడా ఆ కోతలో పోతుంది. వద్దనుకున్నవాళ్ళకి అది దొరకక స్పామ్ బటన్ నొక్కేస్తారు. ఎంతమంది తెరిచారో లెక్కపెట్టే కనిపించని బొమ్మ కూడా చాలా సర్వీసుల్లో అడుగునే ఉంటుంది కనుక ఆ అంకె కూడా పడిపోతుంది. కథ నచ్చలేదేమో అని నేను వారం రోజులు టెన్షన్ పడింది ఇందుకే!

ఇప్పుడు 3,000 పదాలు దాటితే రెండు భాగాలు చేస్తున్నాను, లేదా మంచి పట్టు దగ్గర ఆపి మిగతాదానికి బ్లాగు లింకు ఇస్తున్నాను. పంపే ముందు నా జీమెయిల్‌కే ఒకటి పంపుకుని అడుగుదాకా చూస్తాను. పరీక్షకి పంపిన ప్రతిసారీ సబ్జెక్టు మార్చండి. లేకపోతే జీమెయిల్ వాటన్నిటినీ ఒకే దొంతరలో పెట్టి, ఒకేలా ఉన్న భాగాన్ని మూడు చుక్కల వెనక దాచేస్తుంది, మీరు కంగారు పడతారు.

అపోహ: తెలుగులో సబ్జెక్టు పెడితే స్పామ్‌లోకి పోతుంది.

యూనికోడ్ తెలుగుతో ఆ ఇబ్బంది లేదు. అసలు చిక్కు పంపే అడ్రసుది. న్యూస్‌లెటర్ సర్వీసు ద్వారా పంపుతూ "నుంచి" దగ్గర మామూలు gmail.com అడ్రసు పెడితే, పంపేది ఒకరు, పేరు ఇంకొకరిది అన్నట్టుంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ రెండూ ఈ విషయంలో గట్టిగా ఉంటున్నాయి. సొంత డొమైన్ కొని, మెయిల్ నిజంగా మీ పేరుతోనే వస్తోందని రుజువు చేసే SPF, DKIM రికార్డులు సర్వీసు ఇస్తుంది, వాటిని అందులో చేర్చాలి. అరగంట పని.

అపోహ: పక్క పట్టీలో "సబ్‌స్క్రైబ్ చేయండి" అని పెడితే చాలు.

ఫోన్లో పక్క పట్టీ అనేదే ఉండదు. అది జారి జారి పేజీ అట్టడుక్కి చేరుతుంది. పైగా వంట కోసం వచ్చేవాళ్ళు కొలతలు చూసుకుని వెళ్ళిపోయే రకం, కథ కోసం వచ్చినవాళ్ళలాగా నింపాదిగా కూర్చోరు. అందుకని మెయిల్ ఐడీ అడిగే పెట్టె వంటకం చివరి అడుగు కిందే ఉండాలి, ఏం వస్తుందో అందులో చెప్పాలి. ఆవకాయ పోస్టు కింద "మాగాయ, తొక్కు పచ్చడి కొలతలు వచ్చే రెండు ఆదివారాలు పంపుతాను" అని రాస్తే మెయిల్ ఇవ్వడానికి ఒక కారణం దొరుకుతుంది. పేరు, ఊరు, ఫోన్ నంబరు అడగకండి, మెయిల్ ఒక్కటి చాలు.

అపోహ: కొత్తగా చేరేవాళ్ళకి నిర్ధారణ మెయిల్ పెడితే పాఠకులు తగ్గిపోతారు.

కొందరు తగ్గే మాట నిజమే. కానీ తప్పుగా టైపు చేసిన అడ్రసులు, ఎవరో సరదాకి ఇచ్చిన వేరేవాళ్ళ అడ్రసులు కూడా అక్కడే ఆగిపోతాయి. అసలు పాఠకులు పోవడానికి ఎక్కువగా కారణం ఆ మెయిల్ సర్వీసువాళ్ళ ఇంగ్లీషు మూసలో, ముక్కూ మొహం తెలియని పేరుతో రావడమే. దాన్ని తెలుగులోకి మార్చి, మీ బ్లాగు పేరుతో పంపండి. పెట్టె నింపగానే కనిపించే వాక్యాన్ని కూడా మార్చండి. నాది ఇలా ఉంటుంది: "మీ మెయిల్‌కి ఇప్పుడే ఒక ఉత్తరం వచ్చింది. అందులో 'అవును, పంపండి' అన్నది నొక్కితేనే ఆదివారం కథ అందుతుంది. కనిపించకపోతే స్పామ్‌లో ఒకసారి చూడండి."