మర్తబాన్ జాడీ వయసు ఎలా కడతారు?

బర్మాలోని మర్తబాన్ రేవు పేరుతో పిలిచే పెద్ద జాడీలన్నీ అక్కడ తయారైనవి కావు. కొన్ని దక్షిణ చైనావి, కొన్ని థాయ్‌లాండ్‌వి. నూనె, నీళ్లు, సరుకులు నింపి ఓడల్లోకి ఎక్కించేవారు. ఇలాంటి జాడీ వయసు కట్టాలంటే, ముందు అది ఏ బట్టీదో తేల్చుకోవాలి.

దానికి జాడీని పక్కకు వాల్చి అడుగు చూడాలి. గ్లేజు అనే గాజులాంటి పూత అంటని అడుగు దగ్గరే అసలు మట్టి కనిపిస్తుంది. పాత పెచ్చు ఊడిన చోటు దొరికితే ఇంకా మంచిది. థాయ్‌లాండ్‌లోని సింగ్‌బురి దగ్గరి మే నామ్ నోయ్ బట్టీల జాడీకి గట్టిగా కాలిన ముతక మట్టి, ముదురు గోధుమ రంగు గ్లేజు, భుజం మీద నాలుగు చెవులు ఉంటాయి. బర్మా జాడీల్లో బాగా గుర్తుపట్టగలిగినవి ఎర్రమట్టివి. వాటి నల్లటి గ్లేజు మీద తెల్లమట్టి చుక్కలు వరసగా పేర్చి ఉంటాయి.

గ్లేజు ధారలను నేను ఎక్కువసేపు చూస్తాను. బట్టీ వేడికి గ్లేజు కరిగి కిందికి కారుతుంది. ధార చివర బొట్టు మందంగా ఉండి, రంగు చిక్కబడుతుంది. అడుగుదాకా కారితే జాడీ బట్టీ నేలకు అతుక్కుపోతుంది కాబట్టి కింది భాగాన్ని పూత లేకుండా వదిలేసేవారు. ధారలు మూతి వైపు కారి ఉంటే బోర్లించి కాల్చారన్నమాట. పాతదనం తెచ్చిపెట్టడానికి రాపిడి పట్టిన జాడీలో అరుగుదల అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. నిజంగా వాడిన జాడీలో చేతులు తగిలే చోట, నేలకు ఆనే చోట మాత్రమే ఎక్కువగా ఉంటుంది.

బయటికి చుట్టిన మందపాటి మూతి అంచు గుడ్డో తోలో కప్పి, కింద తాడు బిగించడానికి వీలుగా చేసినది. అంచు మలిచే తీరు బట్టీని బట్టి మారుతుంది, కానీ ఒకే తీరు వందేళ్లకు పైగా సాగొచ్చు. అడుగున అంటిన ఇసుక రేణువులు బట్టీ నేల గురించి చెబుతాయి. సిరాతో రాసిన గుర్తు యజమానిది కావచ్చు, కుమ్మరిది కాకపోవచ్చు. చైనా అని ఆంగ్లంలో ముద్ర ఉంటే మాత్రం 1891 తర్వాతిదనుకోవచ్చు. ఆ ఏడాది నుంచి అమెరికాకు వచ్చే సరుకుపై దేశం పేరు ఉండాలన్న చట్టం అమలైంది.

తేదీకి అసలు ఆధారం మునిగిన ఓడలు. స్పెయిన్ ఓడ సాన్ డియేగో 1600 డిసెంబరు 14న మనీలా తీరంలో మునిగింది. 1991లో దాన్ని కనుగొన్నాక అందులో వందల జాడీలు దొరికాయి. మన జాడీ మట్టి, చెవులు, అంచు అక్కడి మే నామ్ నోయ్ జాడీతో సరిపోయిందనుకుందాం. అలాంటి జాడీలు 1600 నాటికే తయారవుతున్నాయని మాత్రం గట్టిగా చెప్పవచ్చు. మనదీ ఆ ఏడాదిదే అనడం తొందరపాటు. అదే నమూనా అంతకు ముందూ తర్వాతా చాలాకాలం కొనసాగింది. కాబట్టి 16వ లేదా 17వ శతాబ్దం అనడమే నిజాయితీ. ఎక్కడ దొరికిందన్నదీ అంతే జాగ్రత్తగా చూడాలి. బోర్నియో ఇళ్లలో ఇలాంటి జాడీలను తరతరాలుగా దాచుకున్నారు. కొత్త వస్తువుల మధ్య దొరికినంత మాత్రాన జాడీ కొత్తది కాదు.