తిరిగొచ్చే నడక, తిరిగిరాని నడక

గణిత శాస్త్రవేత్త జార్జ్ పోల్యా జ్యూరిక్‌లో ఉన్న రోజుల్లో, దగ్గర్లోని అడవిలో నడుస్తుంటే ఒక విద్యార్థి, అతనికి కాబోయే భార్య పదేపదే ఎదురుపడ్డారట. కావాలని వాళ్ల వెంటపడుతున్నానని అనుకుంటారేమో అని ఆయన ఇబ్బందిపడ్డారు. దారీతెన్నూ లేకుండా తిరిగేవాళ్లు ఇన్నిసార్లు కలుసుకోవడం సహజమేనా? 1921లో ఆయన ప్రచురించిన పరిశోధన పత్రం ఇలాంటి ప్రశ్నకే జవాబు: గీత మీద గానీ సమతలం మీద గానీ అడ్డదిడ్డంగా నడిస్తే, బయలుదేరిన చోటికి ఎప్పటికైనా తిరిగి రావడం ఖాయం. మూడు దిశలున్న ప్రదేశంలో మాత్రం ఖాయం కాదు.

ముందు గీత సంగతి. సున్నా దగ్గర నిలబడి నాణెం ఎగరేయండి. బొమ్మ పడితే కుడికి, బొరుసు పడితే ఎడమకి ఒక అడుగు. రెండు అడుగుల తర్వాత సున్నా దగ్గర ఉండే అవకాశం 1/2. నాలుగు అడుగుల తర్వాత 3/8, ఆరు తర్వాత 5/16. సరిగ్గా నూరో అడుగుకి అది 8 శాతమే. ఇలా తగ్గుతూ పోతుంటే తిరిగి రావడం ఖాయమని ఎలా చెప్పగలం?

పోల్యా ఫలితానికి నాకు బాగా నచ్చిన నిరూపణ ఇక్కడ మొదలవుతుంది. తిరిగి వస్తామా లేదా అని కాకుండా, మొత్తం మీద సగటున ఎన్నిసార్లు సున్నా దగ్గర ఉంటాం అని అడగాలి. నాణేనికి జ్ఞాపకం లేదు. సున్నాకి వచ్చిన ప్రతిసారీ నడక కొత్తగా మొదలైనట్టే. తిరిగొచ్చే అవకాశం p అనుకుంటే, మొదటిదాంతో కలిపి సున్నా దగ్గర ఉండే సార్ల సగటు 1 + p + p² + ..., అంటే 1/(1 − p). p సగమైతే సగటు 2, పదింట తొమ్మిదైతే 10. ఆ సగటుకి హద్దే లేదంటే p కచ్చితంగా 1 కావాల్సిందే.

ఆ సగటు కావాలంటే ఒక్కో అడుగులో సున్నా దగ్గర ఉండే అవకాశాలన్నీ కలిపితే చాలు. గీత మీద వంద అడుగుల వరకు కలిపితే సుమారు 8 వస్తుంది. పదివేల అడుగులకి 80, పది లక్షలకి 800. ఎంత నెమ్మదిగా పెరిగినా ఎక్కడా ఆగదు. కాబట్టి తిరిగి రావడం ఖాయం.

ఇప్పుడు మూడు దిశలు. పాచిక వేసి కుడి, ఎడమ, ముందు, వెనక, పైకి, కిందికి అనే ఆరింట్లో ఒకవైపు అడుగేయాలి. మొదటి అడుగు ఎటు వేసినా రెండోది సరిగ్గా దానికి ఎదురుగా పడితేనే వెనక్కి వస్తాం, అవకాశం 1/6. నాలుగు అడుగులకి 90/1296, అంటే 7 శాతం. అసలు కారణం చోటు. వంద అడుగుల్లో మనం చేరే దూరం మామూలుగా పది అడుగుల స్థాయిలో ఉంటుంది. గీత మీద ఆ దూరంలోపు ఉండే బిందువులు పదుల్లో ఉంటే, మూడు దిశల్లో వేలల్లో ఉంటాయి. అందుకే అడుగులు నాలుగు రెట్లయితే గీత మీద అవకాశం సగానికి పడిపోతుంది, ఇక్కడైతే ఎనిమిదో వంతుకి. ఇంత వేగంగా తగ్గే సంఖ్యల్ని ఎంత దూరం కలిపినా మొత్తం 1.516 దాటదు. దాని కచ్చితమైన విలువని 1939లో గణిత శాస్త్రవేత్త వాట్సన్ సాధించారు. 1/(1 − p) = 1.516 అయితే p సుమారు 0.34. మూడింట రెండు నడకలు ఇక ఎన్నటికీ వెనక్కి రావు.

"చివరికి అంతా సమానమవుతుంది, అందుకే తిరిగొస్తాం" అని క్లాసుల్లో చెప్పే మాట నాకు మింగుడుపడదు. వరసగా బొమ్మలు పడితే ఇక బొరుసు పడాల్సిందే అని జూదగాళ్లు నమ్మేదీ అదే. సమానమవడమే కారణమైతే మూడు దిశల్లోనూ తిరిగి రావాలి కదా. నిజానికి అక్కడ కూడా కుడి-ఎడమల లెక్క విడిగా చూస్తే ఎన్నోసార్లు సున్నాకి వస్తుంది, మిగతా రెండు లెక్కలూ అంతే. మూడూ ఒకే క్షణంలో సున్నా కావడమే అరుదు.

గీత మీద ఖాయం అన్నామని త్వరగా వస్తామనుకోకూడదు. వంద అడుగుల తర్వాత కూడా ఒక్కసారీ తిరిగి రానివాళ్లు 8 శాతం ఉంటారు. తొలిసారి తిరిగి రావడానికి పట్టే అడుగుల సగటు అనంతం. మూడు దిశల్లో దీనికి పూర్తిగా ఎదురు: తిరిగొచ్చేవాళ్లలో దాదాపు సగం మంది రెండో అడుగుకే వచ్చేస్తారు. అప్పటికి రాకుండా దూరం వెళ్లినవాళ్లకి అవకాశం సుమారు 0.315ని ఆ దూరంతో భాగిస్తే వచ్చేంత. పది అడుగుల దూరంలో ఉంటే 3 శాతం, వంద అడుగుల దూరంలో 0.3 శాతం. గీత మీద వంద అడుగుల దూరం పోయినవాడికి మాత్రం అది ఇంకా నూటికి నూరు శాతమే.