డబ్బు పంపిన రసీదు: కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు

షార్జాలో ఒక ఎక్స్ఛేంజ్ కౌంటర్‌లో పనిచేస్తున్నాను. జీతాలు పడే వారంలో మన జగిత్యాల, నిజామాబాద్ వైపు పిల్లలు చాలామంది వస్తారు.

అపోహ: ఫోన్‌కి మెసేజ్ వచ్చిందంటే డబ్బు ఇంటికి చేరినట్టే.

వాస్తవం: ఆ మెసేజ్ మా దగ్గర డబ్బు కట్టినట్టు మాత్రమే చెబుతుంది, ఊళ్లో ఖాతాలో పడిందని కాదు. మొదటి జీతం తీసుకుని వచ్చిన ఒక కుర్రాడు 800 దిర్హాములు వాళ్లమ్మ ఖాతాకి పంపాడు, ఆ రోజు రేటు 22.50, అంటే 18,000 రూపాయలు, ఫీజు వేరే. రసీదు చేతికిస్తే నలిపి చెత్తబుట్టలో వేయబోయాడు. "మెసేజ్ అచ్చింది కదన్నా, గీ చీటీ ఎందుకు?" అన్నాడు. "జేబులో పెట్టుకో తమ్మీ, అమ్మ ఫోన్ చేసేదాకా పారేయకు" అని పంపించాను.

మూడో రోజు పొద్దున్నే మొహం వేలాడేసుకుని వచ్చాడు, డబ్బు పడలేదట, ఇంట్లో ఒకటే టెన్షన్. మడతలు పడ్డ ఆ రసీదుని, ఫోన్‌లో ఉన్న అమ్మ పాస్‌బుక్ ఫోటోని పక్కపక్కన పెట్టి ఒక్కో అంకె చూశాం. పాస్‌బుక్‌లో 47 ఉన్నచోట రసీదులో 74 ఉంది. వాళ్ల తమ్ముడు పంపిన మెసేజ్‌లోనే అలా పడింది, వీడు దాన్నే ఫారంలో రాశాడు. రసీదు మీదున్న రెఫరెన్స్ నంబరుతో వెతికితే, ఆ నంబరుతో ఖాతానే లేక బ్యాంకు డబ్బు వెనక్కి పంపినట్టు తేలింది. సరిదిద్ది మళ్లీ పంపాం.

అపోహ: పేరు సరిగ్గా ఉంటే చాలు, నంబరు తప్పైనా బ్యాంకువాళ్లే చూసుకుంటారు.

వాస్తవం: చూసుకోరు. ఇండియాలో ఎన్ఈఎఫ్‌టీ లాంటి పద్ధతుల్లో డబ్బు ఖాతా నంబరు చూసే జమవుతుంది. ఆ 74 నంబరుతో నిజంగానే ఎవరిదైనా ఖాతా ఉండి ఉంటే 18,000 వాళ్లకు పడేవి, వాళ్లు ఒప్పుకుంటే తప్ప వెనక్కి రప్పించడం చాలా కష్టం. అందుకే కౌంటర్ వదిలే ముందే రసీదులో ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చదువుకోండి. ఆ కోడ్‌లో 11 అక్షరాలుంటాయి, అయిదోది ఎప్పుడూ సున్నా, దాన్ని ఇంగ్లిష్ 'ఓ' అనుకుని రాసేవాళ్లు ఎక్కువ. తప్పు అక్కడికక్కడే కనబడితే, డబ్బు ఇంకా కదలకముందే ఆపగలం.

అపోహ: బ్యాంకుతో పని లేకుండా ఏజెంట్ల చేతిమీదుగా పంపే హుండీలో రేటు ఎక్కువ, రసీదుతో పనేముంది?

వాస్తవం: ఇండియాలో అది చట్టవిరుద్ధం, పైగా డబ్బు చేరకపోతే అడగడానికి చేతిలో కాగితమే ఉండదు.

అపోహ: రసీదు పర్సులో ఉంటే భద్రమే.

వాస్తవం: అది వేడికి నల్లబడే, కొన్ని నెలలకు అక్షరాలు మాసిపోయే కాగితం. తీసుకున్న వెంటనే ఫోటో తీసుకోండి. అయితే ఆ ఫోటోని వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం పెట్టకండి. ముఖ్యంగా ఇంట్లోవాళ్లు నగదుగా తీసుకునేలా పంపినప్పుడు ఆ రసీదు మీది నంబరే అడిగి డబ్బు ఇస్తారు, కాబట్టి అది తీసుకోబోయే మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు.