కేంద్రం, వ్యాసార్థం, ఒక బ్రాకెట్ ప్లేటు: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో సాయంత్రం పూట డిప్లొమా, బీటెక్ పిల్లలకు స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ చెబుతాను. పగలు చిన్నచిన్న ఫ్యాబ్రికేషన్ పనులకు లెక్కలు చూస్తాను. రెండు చోట్లా రోజూ ఎదురయ్యేది ఒకటే: రెండు వరుసలు, రెండు నిలువుల సౌష్ఠవ మాత్రిక. దాని ప్రధాన విలువలు నిమిషంలో తేల్చే సూత్రం అందరికీ తెలుసు. దాని చుట్టూ అల్లుకున్న అపోహలు కూడా అంతే మందికి తెలుసు. ఒకే ఉదాహరణ పట్టుకుని చూద్దాం. కొన్నేళ్ల కిందట నేను లెక్కగట్టిన ఓ బ్రాకెట్ ప్లేటులో ఒక బిందువు దగ్గర ఒత్తిళ్లు ఇవి, మెగాపాస్కల్స్‌లో:

```
[ 10  40 ]
[ 40  70 ]
```

అడ్డంగా 10, నిలువుగా 70, షియర్ 40.

అపోహ: ఇది పరీక్షల కోసం కనిపెట్టిన చిట్కా. అసలు పద్ధతి డిటర్మినెంట్ రాసి వర్గ సమీకరణం సాధించడమే.

రెండూ ఒకటే. సమీకరణంతో వెళితే అదే జవాబు ఆలస్యంగా వస్తుంది. వికర్ణం మీది రెండు సంఖ్యల సగటు తీయండి: 40. ఇది కేంద్రం. ఆ 40ని రెండింటిలోంచీ తీసేస్తే మిగిలేది ఇది:

```
[ -30  40 ]
[  40  30 ]
```

దీన్ని దీనితోనే గుణించి చూడండి. వికర్ణం మీద రెండు చోట్లా 900 + 1600 = 2500 వస్తుంది, మిగతా రెండు చోట్లా సున్నా. అంటే ఈ మిగులు మాత్రిక ప్రధాన విలువల వర్గం 2500. వికర్ణం మొత్తం సున్నా కాబట్టి ఒకటి +50, రెండోది -50 అయి తీరాలి. ఆ 50 వ్యాసార్థం. తీసేసిన 40ని మళ్లీ కలిపితే 90, -10. ఇందులో ఉజ్జాయింపు ఎక్కడా లేదు.

అక్షరాల్లో రాస్తే, వికర్ణం మీద a, d, పక్కన b అనుకుంటే:

```
c = (a + d)/2
r = sqrt( ((a - d)/2)^2 + b^2 )
c + r, c - r
```

1882లో క్రిస్టియన్ ఒట్టో మోర్ గీసి చూపిన వృత్తం ఇదే. ఆయన కాగితం మీద వృత్తలేఖినితో కొలిచింది మనం వర్గమూలంతో రాబడుతున్నాం. సరిచూడటం కూడా తేలికే. రెండు జవాబుల మొత్తం a + d కావాలి, లబ్ధం ad - b² కావాలి. ఇక్కడ మొత్తం 80, లబ్ధం -900. 10 × 70 లోంచి 1600 తీసేసినా -900. సరిపోయింది.

అపోహ: మాత్రికలో అన్నీ ధన సంఖ్యలే కదా, ఎక్కడా నొక్కుడు ఉండదు.

పైన వచ్చిన -10 చూడండి. పిల్లలు ఇక్కడ తప్పకుండా ఆగి, కొట్టివేసి మళ్లీ చేస్తారు. లెక్క తప్పలేదు. వ్యాసార్థం కేంద్రాన్ని మించితే వృత్తం సున్నాకు అటువైపు పడుతుంది, అంతే. షియర్ 20 అయ్యుంటే వ్యాసార్థం 36 చిల్లర, రెండు విలువలూ ధనంగానే ఉండేవి. తేల్చేది వికర్ణం మీది గుర్తులు కాదు, ad - b² గుర్తు. అది రుణమైతే ఒక దిక్కున లాగుడు, దానికి లంబంగా నొక్కుడు ఉన్నట్టే.

అపోహ: విలువలు వచ్చాక దిక్కు ఎంత పని, కేలుక్యులేటర్‌లో టాన్ ఇన్వర్స్ నొక్కితే చాలు.

దీనికి నేనే బలి. సూత్రం tan 2θ = 2b/(a - d). ఈ ప్లేటుకు 80 ని -60 తో భాగిస్తే -1.333. కేలుక్యులేటర్ -53.13 డిగ్రీలు అంది. సగం చేసి -26.6 డిగ్రీలు అని రాసుకుని, ప్లేటు మీద సుద్దముక్కతో గీత గీసి, గరిష్ఠ లాగుడు ఇటే అని దాని వెంబడి స్ట్రెయిన్ గేజ్ అతికించాను. ఉక్కుకు స్థితిస్థాపక గుణకం 2 లక్షల మెగాపాస్కల్స్, పాయిజాన్ నిష్పత్తి 0.3 వేసుకుంటే +465 మైక్రోస్ట్రెయిన్ రావాలి. బరువు ఎక్కించాక మీటరు -185 చూపించింది.

పక్కన నిలబడ్డ వెల్డింగ్ మేస్త్రి, "ఏటి బాబూ, లాగుద్దన్నారు, ఇది నొక్కుతున్నట్టు సూపిస్తంది?" అన్నాడు. వైర్లు తిరగబడ్డాయేమోనని ఓ గంట వాటినే తిప్పాను. మీటరుది తప్పు కాదు. నేను గీసింది కనిష్ఠ విలువ దిక్కు.

జరిగింది ఇదీ. 80 ని -60 తో భాగించినా, -80 ని 60 తో భాగించినా కేలుక్యులేటర్‌కు కనిపించేది ఒకే సంఖ్య. భాగించగానే ఏది రుణమో మరిచిపోతుంది. కాబట్టి a కంటే d పెద్దదైనప్పుడల్లా అది ఇచ్చే కోణం చిన్న విలువకు చెందుతుంది. పైసంఖ్య, కిందసంఖ్య విడివిడిగా తీసుకునే `atan2(2*b, a - d)` వాడి, జవాబును డిగ్రీల్లోకి మార్చుకుంటే 126.87 వస్తుంది, సగం 63.4. లాగుడు దిక్కు అదే.

కోణాల జోలికే పోకుండా ఇంకో దారి ఉంది, నాకు అదే ఇష్టం. గరిష్ఠ విలువ దిక్కు (b, 90 - a), అంటే (40, 80). అడ్డంగా ఒకటి నడిస్తే నిలువుగా రెండు. మూలమట్టం పెట్టి ప్లేటు మీద నేరుగా గీసేయొచ్చు. (1, 2)ను మాత్రికతో గుణిస్తే (90, 180) వస్తుంది, సరిగ్గా 90 రెట్లు. సుద్దముక్క ముట్టే ముందు ఈ గుణకారం ఒక్కటి చేసుకుని ఉంటే మేస్త్రి ముందు తెల్లమొహం వేసేవాణ్ణి కాదు. b సున్నా అయితే మాత్రం ఈ దారి అక్కర్లేదు, వికర్ణం మీది సంఖ్యలే జవాబులు.

b గుర్తు సంగతి కూడా ఇక్కడే. b కి బదులు -b వేసినా విలువలు మారవు, ఎందుకంటే సూత్రంలో దాని వర్గమే ఉంది. దిక్కు మాత్రం అద్దంలో చూసినట్టు అటువైపు తిరుగుతుంది. వృత్తం గీసేటప్పుడు షియర్‌ను కిందికి ధనంగా చూపే పుస్తకాలున్నాయి. ఆ గుర్తును తెచ్చి మాత్రికలో పెడితే ఈ తప్పే జరుగుతుంది.

అపోహ: ఒత్తిడికి పనికొచ్చిన సూత్రంలో స్ట్రెయిన్లు అలాగే వేసేయొచ్చు.

సూత్రం అదే, వేసే సంఖ్య వేరు. పుస్తకాల్లో, రోసెట్ లెక్కల్లో గామా అని వచ్చే షియర్ స్ట్రెయిన్ మొత్తం కోణం మార్పు. మాత్రికలో పక్క స్థానంలో కూర్చునేది దానిలో సగం. ఇదే ప్లేటుకు అడ్డం స్ట్రెయిన్ -55, నిలువు 335, గామా 520 మైక్రోస్ట్రెయిన్. సగం 260 వేస్తే కేంద్రం 140, వ్యాసార్థం 325. జవాబులు 465, -185. ఆ రోజు రావాల్సిందీ, మీటరు చూపించిందీ ఈ రెండే. 520 వేస్తే 695, -415 వస్తాయి, ప్లేటులో లేని వంకరను ఉందనుకుని బలపరచడానికి ఇనుము ఖర్చు పెడతాం.

ఈ తప్పును మొత్తంతో పట్టుకోలేం. రెండు చోట్లా మొత్తం 280 గానే ఉంటుంది, ఎందుకంటే కేంద్రానికి షియర్‌తో పని లేదు. లబ్ధం కూడా పట్టివ్వదు, సరిచూసేటప్పుడూ ఆ 520నే వేస్తాం కదా. పట్టుకోవాలంటే ఒత్తిళ్ల వైపునుంచి రావాలి. 90 లోంచి -10 కి 0.3 రెట్లు తీసేసి, 2 లక్షలతో భాగిస్తే 465 రావాలి. రాలేదంటే గామాను సగం చేయలేదేమో ముందు చూడండి.