టేకు తోటలో అసలు నేల ఎక్కడుంది? చెట్ల ఎత్తు మ్యాపుల మీద అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఉంటూ ములుగు, భూపాలపల్లి వైపు తోటలకూ అడవి అంచులకూ డ్రోన్ సర్వే చేస్తుంటాను. చెట్ల ఎత్తు మ్యాపు అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. దాంతోపాటు కొన్ని నమ్మకాలు కూడా పాతుకుపోతున్నాయి. నాకు ఎక్కువగా ఎదురయ్యేవి, మ్యాపును నిజంగా పాడుచేసేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పైభాగంలోంచి నేలను తీసేస్తే ఎత్తు వచ్చేస్తుంది, అంతే కదా.

లెక్క అంతే, నిజమే.

```
CHM = DSM - DTM
```

డీఎస్ఎం అంటే పైనుంచి చూస్తే కనిపించే ఉపరితలం. ఆకు ఉంటే ఆకు, కప్పు ఉంటే కప్పు. డీటీఎం అంటే వాటన్నిటి కిందున్న నేల. రెండింటి తేడా సీహెచ్ఎం, అంటే మ్యాపులోని ప్రతి చిన్న చదరపు గడిలో చెట్టు ఎత్తు. ఈ తీసివేత కంప్యూటరుకు ఒక్క క్షణం పని. ఇబ్బందంతా డీటీఎంలో ఉంది. చెట్ల కింద నేలను డ్రోన్ కెమెరా చూడకపోయినా సాఫ్ట్‌వేర్ ఏదో ఒక నేలను గీసి ఇస్తుంది. అది ఊహించి గీసిన నేల అని ఎక్కడా రాసి ఉండదు.

ములుగు దగ్గర ఎకరంన్నర టేకు తోట పని చెప్తాను. అక్టోబరులో ఎగరేశాం. ఆకు నిండుగా ఉంది, చెట్ల కొమ్మల గొడుగులు ఒకదానికొకటి తాకుతున్నాయి. మ్యాపు తయారు చేసి రైతుకు చూపించాను. గట్టు పక్కనున్న ఒక చెట్టు మీద వేలు పెట్టి అడిగాడు: "సారూ, దీన్ని నేనే ఎక్కి కొమ్మలు కొట్టిన. ఇరవై ఎనిమిది ఫీట్లు అంటున్నరేంది? నలభైకి పైనే ఉంటది." మర్నాడు కోణం చూసి ఎత్తు లెక్కగట్టే క్లైనోమీటర్ తీసుకుని వెళ్లి కొలిచాను. 13.2 మీటర్లు, అంటే 43 అడుగులు. నా మ్యాపులో 8.7 మీటర్లే ఉంది. ఆయన చెప్పిందే నిజం.

ఆ గడిలో ఉపరితలం 161.8 మీటర్లు, నేల 153.1 మీటర్లు. ఉపరితలం తప్పు కాదు, టేకు ఆకు వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఫొటోల్లో బాగానే పడుతుంది. నేలే దాదాపు నాలుగున్నర మీటర్లు పైకి లేచి కూర్చుంది.

ఎందుకలా అంటే, ఫొటోల నుంచి ఎత్తు తీయాలంటే ఒకే బిందువు కనీసం రెండు ఫొటోల్లో, రెండు వేర్వేరు కోణాల నుంచి కనబడాలి. ఆకుల సందులోంచి ఒక ఫొటోలో నేల ముక్క కనిపించినా, డ్రోన్ కాస్త ముందుకు జరిగేసరికి అదే ముక్కకు ఇంకో ఆకు అడ్డొస్తుంది. అలా తోట లోపల నేల మీద బిందువులే ఉండవు. తర్వాత నేలను వేరుచేసే ఫిల్టర్ నడుస్తుంది. చుట్టుపక్కల అన్నిటికన్నా కిందున్న బిందువులను అది నేల అనుకుంటుంది. తోట లోపల అన్నిటికన్నా కిందున్నవి గొడుగుల మధ్య సందుల్లోని ఆకులు. వాటినే నేలగా తీసుకుంది. ఈ బిందువులన్నీ కలిసిన మేఘాన్ని తలకిందులు చేసి పైన బట్ట పరిచినట్టు లెక్కవేసే ఫిల్టర్ ఉంది, దాన్నీ వాడి చూశాను. నేల బిందువే లేనప్పుడు బట్ట దేన్ని ఆనుకుంటుంది?

లైడార్‌తో ఈ గొడవ తక్కువ. ఒక లేజర్ కిరణం సందులోంచి వెళ్లి నేలను తాకి తిరిగొస్తే చాలు, ఆ ఒక్క కిరణంతోనే దూరం తెలిసిపోతుంది. రెండో కోణం అక్కర్లేదు. కానీ అందరి బడ్జెట్టూ లైడార్‌కు సరిపోదు. మన టేకు విషయంలో ఇంకో దారి ఉంది. టేకు ఎండాకాలంలో ఆకు రాలుస్తుంది.

ఏప్రిల్‌లో అదే తోట మీద మళ్లీ ఎగరేశాం. మోడు కొమ్మల మధ్య నుంచి నేల చక్కగా కనబడింది. ఆ నేలను అక్టోబరు ఉపరితలంలోంచి తీసేసే ముందు ఒక పని తప్పనిసరిగా చేయాలి: రెండు సర్వేలూ ఒకే ఎత్తు మీద ఉన్నాయో లేదో చూడాలి. తోట పక్కనే బోరు చుట్టూ సిమెంటు దిమ్మె ఉంది. అది ఆర్నెల్లలో పెరగదు, తరగదు. అక్టోబరు మ్యాపులో దాని ఎత్తు 149.9, ఏప్రిల్‌లో 149.3. అంటే ఏప్రిల్ సర్వే మొత్తం 0.6 మీటర్లు కిందికి ఉంది. బండిబాట మీద ఇంకో మూడు చోట్ల చూస్తే అదే తేడా వచ్చింది. ఏప్రిల్‌లో మన చెట్టు కింద నేల 148.1. దానికి 0.6 కలిపితే 148.7. 161.8లోంచి 148.7 తీసేస్తే 13.1 మీటర్లు. క్లైనోమీటర్ చెప్పింది 13.2.

అలాగైతే ఏప్రిల్ సర్వే ఒక్కటే చేసి, ఉపరితలం కూడా దాన్నుంచే తీసుకోవచ్చు కదా అని అడుగుతారు. కుదరదు. ఆకు లేని సన్న కొమ్మల చివర్లు ఫొటోల నుంచి తయారైన మోడల్‌లో మాయమవుతాయి, చెట్టు పొట్టిగా వస్తుంది. నేలకు ఎండాకాలం, ఉపరితలానికి ఆకున్న కాలం.

మీ చేతికి ఎవరైనా సీహెచ్ఎం ఇస్తే దానికన్నా ముందు డీటీఎం అడగండి. కొండనీడ చిత్రం, అంటే ఎత్తుపల్లాలను వెలుగునీడల్లో చూపే హిల్‌షేడ్, వేసి చూడండి. నేల మీద మీ తోట ఆకారంలో దిబ్బ కనిపిస్తే మ్యాపు పోయినట్టే. మ్యాపుల సాఫ్ట్‌వేర్ QGISలో పొలం నుంచి తోట లోపలికి ఒక అడ్డకోత గీసినా తెలుస్తుంది. మ్యాపు తప్పైతే తోట అంచు దగ్గర నేల మెట్టులా పైకి లేస్తుంది. నిజంగా అక్కడ మెట్టు ఉందా లేదా అన్నది రైతును అడిగితే ఒక్క నిమిషంలో చెప్తాడు.

అపోహ: నేల కోసం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే డీఈఎం, అంటే నేల ఎత్తుల మ్యాపు, వాడుకోవచ్చు.

చాలామంది ఎస్ఆర్‌టీఎం దించుకుంటారు. అది 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచింది. గడి సుమారు 30 మీటర్లు, దట్టమైన చెట్లున్న చోట ఆ రాడార్ పూర్తిగా నేల దాకా దిగదు. ఒక్కో గడిలో మన టేకు చెట్లు వంద పడతాయి. పైగా దాని ఎత్తులు సముద్రమట్టం లెక్కలో ఉంటాయి. డ్రోన్ జీపీఎస్ ఎత్తులు చాలాసార్లు ఎలిప్సాయిడ్, అంటే భూమికి గణితంలో గీసిన నునుపు ఆకారం, లెక్కలో ఉంటాయి. మన ప్రాంతంలో ఈ రెండింటి మధ్య తేడా 70 మీటర్ల పైమాటే. అందుకే కొందరి మ్యాపుల్లో చెట్ల ఎత్తు మైనస్ అరవై మీటర్ల దగ్గర వస్తుంది. మైనస్ వస్తే కనీసం తప్పని తెలుస్తుంది. 70 కలిపి సరిచేశాం అనుకుని ముందుకెళ్తేనే అసలు ప్రమాదం, ఎందుకంటే కింద ఉన్న నేల ఇంకా తప్పుగానే ఉంటుంది.

అపోహ: ఎత్తు మ్యాపులో ప్రతి శిఖరమూ ఒక చెట్టు.

చెట్టు తల వెతకడం అంటే ఒక గుండ్రటి కిటికీని మ్యాపు మీద జరుపుకుంటూ పోవడం. కిటికీ మధ్యలో ఉన్న గడి దాని చుట్టూ ఉన్న అన్ని గడులకన్నా ఎత్తుగా ఉంటే అది చెట్టు తల. కిటికీ వెడల్పు ఎంత పెట్టాలన్నదే మొత్తం పనిని నిర్ణయిస్తుంది.

పైన చెప్పిన తోటనే తీసుకుందాం. మూడు మీటర్లకొకటి నాటారు. రైతు, నేను, ఇంకో కుర్రవాడు కలిసి వరసలు నడిచి లెక్కపెడితే 588 చెట్లు బతికున్నాయి. మొదట 10 సెంటీమీటర్ల గడితో, ఏమీ నునుపు చేయకుండా, 1.5 మీటర్ల కిటికీతో నడిపితే 1,370 తలలు వచ్చాయి. ఒక్కో చెట్టుకు కొమ్మకొక తల! గడి చిన్నదైతే మ్యాపు మెరుగు అన్న భ్రమ ఇక్కడే దెబ్బతీస్తుంది. ప్రతి ఆకుగుత్తీ ఒక శిఖరం అవుతుంది. కిటికీ 7 మీటర్లు చేస్తే 163కి పడిపోయింది. మధ్యలో ఉన్న చెట్టు నుంచి మూడున్నర మీటర్ల దూరం దాకా చూస్తే పక్క వరస చెట్లు కూడా లోపలికి వస్తాయి, వాటిలో పొడవైనదే మిగులుతుంది.

చివరికి గడిని 25 సెంటీమీటర్లకు మార్చి, 3×3 మీడియన్‌తో అంటే తొమ్మిదేసి గడుల మధ్య విలువతో కొద్దిగా నునుపు చేసి, కిటికీ 3 మీటర్లు పెట్టాను. 25 సెంటీమీటర్ల గడితో ఉన్న అక్టోబరు dsm, 0.6 కలిపిన ఏప్రిల్ dtm ముందే చదువుకుని ఉంటే R ప్రోగ్రామింగ్ భాషలో ఇంతే:

```r
library(terra)
library(lidR)
dtm  <- resample(dtm, dsm)
chm  <- dsm - dtm
chm  <- focal(chm, w = 3, fun = median, na.rm = TRUE)
tops <- locate_trees(chm, lmf(ws = 3, hmin = 4))
```

`ws` కిటికీ వ్యాసం, మీటర్లలో. `hmin` అంటే నాలుగు మీటర్లకన్నా కిందున్న పొదలను వదిలేయమని.

571 తలలు వచ్చాయి. 588కి 571, దగ్గరగా ఉంది కదా అని రిపోర్టు పంపేయాలనిపిస్తుంది. పంపకూడదు. మొత్తం సంఖ్య దగ్గరగా రావడం వేరు, ఒక్కో చెట్టూ దొరకడం వేరు. వరసలు నడిచి గుర్తుపెట్టుకున్న చెట్లతో ఒక్కోటీ జత చేసి చూస్తే 532 సరిగ్గా కలిశాయి. 39 లేని చెట్లు, 56 ఉన్నా దొరకని చెట్లు. ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేసుకోవడం వల్ల మొత్తం బాగున్నట్టు కనిపించింది.

దొరకని 56లో ఎక్కువ భాగం పక్క చెట్ల నీడలో ఎదగలేక కిందే ఉండిపోయినవి. పైనుంచి చూసే మ్యాపుకు అవి కనబడవు, కిటికీ ఎంత మార్చినా రావు. అందుకే సగటు ఎత్తు చెప్పేటప్పుడు ఇది పైవరస చెట్ల సగటు అని రాస్తాను. లేని 39లో నాలుగు మాత్రం ఒకే చోట, గట్టు మీద ఉన్నాయి. అక్కడ ఉన్నది పెద్ద ఇప్పచెట్టు. పది మీటర్ల గొడుగు, నాలుగు పెద్ద కొమ్మలు, నాలుగు గుబుర్లు. టేకుకు కుదిరిన కిటికీ ఇప్పకు కుదరదు. ఒకే జాతి, ఒకే వయసు తోటలో స్థిరమైన కిటికీ చాలు. ఏటూరునాగారం వైపు కలగలుపు అడవిలో ఎత్తును బట్టి వెడల్పు మారే కిటికీ పెట్టుకోవాలి. దానికి ఆ అడవిలోనే కొన్ని చెట్ల ఎత్తు, గొడుగు వెడల్పు టేపుతో కొలిచి సంబంధం తీయాలి. వేరే దేశపు అడవికి తీసిన సూత్రం తెచ్చి పెడితే ఇప్ప మళ్లీ ముక్కలవుతుంది.

అపోహ: చెట్టు తల ఎక్కడుంటే మొదలు అక్కడే.

చదును నేల మీద నిటారు టేకుకు దాదాపు అంతే. గుట్ట వాలు మీద మారిపోతుంది. వాలు 30 డిగ్రీలు ఉంటే మొదలు నుంచి మూడు మీటర్లు కిందివైపు వెళ్లేసరికి నేల సుమారు 1.7 మీటర్లు దిగిపోతుంది. ఆ చోట గొడుగు అంచు కొన కన్నా ఒక మీటరే కిందున్నా, నేలను తీసేశాక ఆ అంచే 0.7 మీటర్లు ఎక్కువ ఎత్తుగా కనిపిస్తుంది. దాంతో చెట్టు తల వాలు కిందికి జరుగుతుంది, ఎత్తు కూడా పెరుగుతుంది. గొడుగు వెడల్పైన కొద్దీ ఈ తప్పు పెరుగుతుంది. గుట్టల మీద పని చేసేటప్పుడు తలలను సీహెచ్ఎంలో కాకుండా డీఎస్ఎంలోనే వెతికి, ఎత్తును మాత్రం ఆ బిందువు కిందున్న నేలతో లెక్కవేస్తాను. జీపీఎస్ పట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్లే అటవీశాఖ బీట్ ఆఫీసర్లకు మ్యాపులో చుక్క ఉన్న చోట మొదలు కనబడకపోతే ముందు వాలు పైవైపు చూడమని చెప్తాను. చాలాసార్లు రెండు మూడు అడుగులు వేసేలోపే దొరుకుతుంది.