గోడకు పట్టిన ఉప్పు రంగు వేస్తే ఎందుకు పోదు?

మా పడకగదిలో బాత్రూమ్‌ను ఆనుకుని ఒక గోడ ఉంది. రెండేళ్లలో దానికి రెండుసార్లు రంగు వేయించాం. రెండుసార్లూ కథ ఒకటే. పెయింటర్ ఉబ్బిన రంగు గీకి, లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, రెండు కోట్లు వేసి వెళ్లాడు. మూణ్ణాలుగు నెలలు గోడ అద్దంలా ఉంది. తర్వాత కింది టైల్‌ పట్టీకి జానెడు పైన ఒక చిన్న పొక్కు లేచింది. వేలితో నొక్కితే పుటుక్కున పగిలి, లోపలి నుంచి తెల్లటి పొడి రాలింది. నెల తిరిగేసరికి అక్కడ మీటరు వెడల్పున రంగు పెచ్చులు పెచ్చులుగా వచ్చేసింది.

ఆ పొడి బూజు కాదు. బూజైతే వేలికి అంటుకుని మరకలా పాకుతుంది. ఇది వేళ్ల మధ్య నలిపితే సన్నగా కరకరలాడింది. చిటికెడు తీసి గ్లాసు నీళ్లలో వేస్తే చాలావరకు కరిగిపోయింది. అంటే ఉప్పు. అడుగున మిగిలిన కాస్త తెల్లటి ముద్ద మీద వెనిగర్ చుక్కలు వేస్తే బుడగలు వచ్చాయి. అది కాల్షియం కార్బొనేట్, లప్పంలో, సిమెంటులో ఉండేదే.

ఇంత ఉప్పు గోడలోకి ఎలా వచ్చింది? ఇటుకలో, ఇసుకలో, సిమెంటులో కొంత ముందే ఉంటుంది. కారే నీళ్లు కొంత మోసుకొస్తాయి. ఊరికే ఒక లెక్క చూద్దాం. రోజుకు అర లీటరు నీరు గోడలోకి ఇంకుతోందనీ, లీటరుకు అర గ్రాము లవణాలున్నాయనీ అనుకుంటే, ఏడాదికి సుమారు 180 లీటర్ల నీరు, 90 గ్రాముల లవణాలు. నీరు ఆవిరై గదిలోకి పోతుంది. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి, నీరు ఎక్కడ ఆరిపోతుందో అక్కడే ఉండిపోతుంది. తెల్లపొడి కనిపించిన చోటు లీకేజీ ఉన్న చోటు కానక్కర్లేదు, నీరు ఆరిపోతున్న చోటు మాత్రమే.

రంగు ఎందుకు ఓడిపోతుందో ఇక్కడే తెలుస్తుంది. రంగు లేని గోడలో నీరు పైకి వచ్చి ఆరుతుంది, ఉప్పు బయట పేరుకుంటుంది, చీపురుతో దులిపితే పోతుంది. గోడ మీద ప్లాస్టిక్ పొరలాంటి రంగు వేశామనుకోండి, నీరు ఆ పొర దాటి సులువుగా బయటికి రాలేదు. రంగు వెనకే, లప్పంలోని సన్నటి రంధ్రాల్లో ఉప్పు గడ్డకడుతుంది. పెరిగే స్ఫటికానికి చోటు చాలక చుట్టూ ఉన్న గోడనే తోస్తుంది. సోడియం సల్ఫేట్ సంగతి మరీ ఘోరం. పొడిగా ఉన్నది తేమ తగిలి నీటి అణువులను తనలో కలుపుకుంటే, దాని ఘనపరిమాణం సుమారు నాలుగు రెట్లవుతుంది. ఆరితే చిన్నది, తడిస్తే పెద్దది. ఇలా పదే పదే జరిగితే ప్లాస్టర్ పిండి అవుతుంది, దాని మీది రంగు పొక్కుతుంది. పెయింటర్ తప్పేమీ లేదు, అతనికి అప్పగించిన గోడే ఆ స్థితిలో ఉంది.

మూడోసారి రంగు డబ్బా ఊసెత్తకుండా నీరు ఎక్కడిదో వెతికాం. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి వాటర్ మీటర్ రీడింగ్ రాసుకుని, రెండు గంటల తర్వాత చూస్తే ముల్లు కదల్లేదు. ప్రెషర్‌తో నీళ్లు వచ్చే పైపులు బాగానే ఉన్నట్టే. తర్వాత బాత్రూమ్ డ్రెయిన్‌ను గుడ్డతో బిగించి మూసి, నేల మీద రెండు సెంటీమీటర్ల నీళ్లు నిలబెట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున్నకు నీళ్లు సగానికి తగ్గాయి, పడకగది వైపు మచ్చ నల్లబడింది. నేలా గోడా కలిసే మూలలో టైల్స్ మధ్య గ్రౌట్ ఊడిపోయి ఉంది. టైల్స్ తీసి, ఆ మూలకు వాటర్‌ప్రూఫింగ్ చేయించి మళ్లీ పరిచారు. అదే పరీక్ష ఇంకోసారి చేస్తే ఈసారి మచ్చలో మార్పు లేదు.

ఆ రోజే మచ్చ అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశాను. ఆరు వారాలు మచ్చ తగ్గుతూ వచ్చింది, తర్వాత ఆగిపోయింది. ముసురు పట్టిన రోజు నల్లబడేది, ఎండ కాసిన రోజు తేలిపోయేది. లీకేజీ మళ్లీ మొదలైందని ఇంట్లో అందరికీ టెన్షన్. నిజానికి ఇప్పుడు నీళ్లు తాగుతున్నది గోడలోని ఉప్పే. మామూలు వంట ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే గాలి నుంచే నీరు లాక్కుని కరుగుతుంది. కాల్షియం నైట్రేట్‌కైతే 50 శాతం సరిపోతుంది. లీకేజీ ఆగినా, ఉప్పు నిండిన ప్లాస్టర్ గోడ మీద ఉన్నంతకాలం తడి మచ్చ వస్తూనే ఉంటుంది. మచ్చ వాతావరణంతో పాటు మారుతుంటే ఉప్పు, బాత్రూమ్ వాడకంతో పాటు మారుతుంటే లీకేజీ అని గుర్తు.

కాబట్టి ఆ ప్లాస్టర్‌ను తీసేయాల్సిందే. గీతకు పైనా పక్కలా అర మీటరు ఎక్కువగా, ఇటుక కనిపించేదాకా చెక్కించాం. ముందు ఆ గోడలోని స్విచ్‌బోర్డుకు కరెంటు తీసేశాం, మేస్త్రికి మాస్కు ఇచ్చాం. ఇటుకల సందుల్లో మెత్తబడిన సిమెంటును సెంటీమీటరు లోతు గోకి, గట్టి బ్రష్‌తో పొడిగానే దులిపారు. నీళ్లతో కడగనివ్వలేదు. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. కొందరు యాసిడ్ పోయమంటారు, దయచేసి వద్దు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ గోడలోని సున్నంతో కలిసి కాల్షియం క్లోరైడ్ అవుతుంది. అది గాలిలో తేమ 30 శాతం దాటితే చాలు, నీరు లాక్కునే రకం. రాలిన చెత్తనూ గోడ పక్కన ఉంచకుండా అదే రోజు బయటికి పంపించాం.

తర్వాత ఎదురుచూపులు. గోడ ఆరడానికి వాడే మోటు లెక్క, ప్రతి అంగుళం మందానికీ ఒక నెల. మాది నాలుగున్నర అంగుళాల గోడ, అవతలి వైపు టైల్స్ కాబట్టి ఆరేది ఒక్క వైపే. నాలుగు నెలలయ్యాక గోడకు అడుగున్నర చదరపు పాలిథీన్ షీటు పెట్టి, అంచులు టేపుతో గాలి చొరకుండా అంటించాను. మర్నాడు షీటు లోపల సన్నగా నీటి బిందువులు! ఇంకో నెల ఆగాం. రెండోసారి షీటు పొడిగానే ఉంది.

కొత్త ప్లాస్టర్‌కు సున్నం, ఇసుక వాడాం, పైన జిప్సం పూత ఒప్పుకోలేదు. జిప్సం తడిని పీల్చి మెత్తబడుతుంది. సున్నపు ప్లాస్టర్‌లోంచి ఆవిరి బయటికి పోతుంది, మిగిలిన ఉప్పు పైకి తేలుతుంది. అలా తేలింది కూడా. ఇటుకలో ఇంకిన ఉప్పంతా చెక్కడంతో పోదు కదా. మొదటి నెలలో గుప్పెడు, రెండో నెలలో అందులో సగం. పొడి బ్రష్‌తో దులిపి చేటలోకి ఎత్తాను. మూడోసారి దులిపితే చిటికెడు కూడా రాలలేదు. ఆ తర్వాతే సున్నం వేయించాం.

నేలలోంచి చెమ్మ ఎక్కే గోడలకు ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది. అక్కడ నీటిని ఒక మూలలో ఆపడం కుదరదు, కొత్త ప్లాస్టర్‌లోనూ కొన్నేళ్లకు ఉప్పు నిండుతుంది. అలాంటి గోడకు లోపలి వైపు వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే, నీరు పొర దాటలేక ఇంకాస్త పైకి పాకి, పొర అయిపోయిన చోట కొత్త మచ్చగా బయటపడుతుంది.